బాత్‌రూమ్ జాలీ నుంచి మురుగు కంపు: ట్రాప్ ఎందుకు ఎండిపోతుంది, ఏం చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫ్లాట్ల ప్లంబింగ్ పనులు చూసే మా దగ్గరికి వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "రోజూ కడుగుతున్నామండీ, అయినా బాత్‌రూమ్ నుంచి కంపు వస్తోంది." చాలాసార్లు ఇది శుభ్రతకు సంబంధించిన సమస్య కాదు. జాలీ కింద ఉండాల్సిన నీళ్లు అక్కడ లేకపోవడమే కారణం. ఆ నీళ్లు ఎందుకు పోయాయో కనిపెట్టడం గురించే ఈ పేజీ.

ప్రశ్న: జాలీ కింద అసలు ఏముంటుంది? నీళ్లు నేరుగా పైపులోకి పోవా?

నేరుగా పోవు, పోకూడదు కూడా. జాలీ ఎత్తి టార్చ్ వేసి చూస్తే కింద చిన్న గిన్నెలాంటి భాగం కనిపిస్తుంది. దాన్నే నహానీ ట్రాప్ అంటారు. మన షాపుల్లో, మేస్త్రీల నోట్లో అది నానీ ట్రాప్. పైపు ఆ గిన్నె దగ్గర కిందికి దిగి, మళ్లీ కాస్త పైకి లేచి, ఆ తర్వాత బయటి పెద్ద పైపులోకి వెళ్తుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంత నీరు నిలిచి ఉంటుంది. మనం పోసిన నీళ్లు దాన్ని తోసుకుని ముందుకు పోతాయి. అవతలి మురుగు గాలి మాత్రం దాన్ని దాటి ఇంట్లోకి రాలేదు. ఈ నిలిచిన నీటినే వాటర్ సీల్ అంటారు.

సీల్ లోతు కనీసం 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు ఉండాలి. లోతంటే గిన్నె మొత్తం లోతు కాదు. వంపులో గాలి దాటాల్సిన అడుగు అంచు ఒకటి ఉంటుంది. ఆ అంచుకి పైన ఎంత నీరు నిలిచిందో అదే లెక్క. గిన్నె నిండుగా కనిపిస్తున్నా ఆ అంచు పైన పది మిల్లీమీటర్లే నీరుంటే, అది బలహీనమైన సీల్.

మీ వీధిలో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ ఉందా, సెప్టిక్ ట్యాంకా అన్నదానితో ట్రాప్‌కి పనిలేదు. పైపు అవతల మురుగు ఉన్నప్పుడు ఇవతల సీల్ ఉండాల్సిందే.

ప్రశ్న: వచ్చేది ట్రాప్ కంపా, లేక జాలీకి పట్టిన మురికి వాసనా? ఎలా తెలుస్తుంది?

రెండూ వేరు. జుట్టు, సబ్బు, నూనె కలిసి జాలీ కింద జిగురులా పేరుకుంటే పులిసిన వాసన, చెమ్మ వాసన వస్తుంది. మురుగు గాలి వాసన కుళ్లిన కోడిగుడ్డు లాంటిది. అది హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వస్తుంది.

ముక్కుని నమ్మలేకపోతే ఇలా చూడండి. రాత్రి పడుకునే ముందు జాలీ మీద తడిగుడ్డ పరిచి, దానిమీద నీళ్లు నింపి ముడివేసిన పాలిథీన్ సంచి పెట్టండి. నీటి బరువుకి సంచి జాలీ అంచులకు అతుక్కుని మూతలా పనిచేస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపి తలుపు మూసేయండి. పొద్దున తలుపు తీసేసరికి కంపు లేకపోతే అది జాలీ నుంచే వస్తోంది. ఉంటే జాలీ కాదు, వాష్ బేసిన్ దగ్గర చూడండి. బేసిన్ కింది ఫ్లెక్సిబుల్ పైపుని గోడలోనో నేలలోనో ఉన్న రంధ్రంలో ఊరికే దూర్చి వదిలేయడం మన ఇళ్లలో మామూలే. ఆ పైపు చుట్టూ ఉన్న ఖాళీలోంచి మురుగు గాలి నిక్షేపంగా వస్తుంది. అక్కడ కొలతకు సరిపోయే రబ్బరు రింగు వేస్తే పని అయిపోతుంది.

సంచి పరీక్షలో జాలీయే దోషి అని తేలితే, దాన్ని ఎత్తి బ్రష్‌తో బాగా కడిగి, ఒక మగ్గు నీళ్లు పోయండి. కొన్ని గంటల్లో కంపు తగ్గి, కొద్దిరోజులకు మళ్లీ మొదలైతే సీల్ పోతున్నట్టు లెక్క.

ప్రశ్న: విశాఖలో గాలే తడిగా ఉంటుంది కదా, ట్రాప్ ఎలా ఎండుతుంది?

మంచి ప్రశ్నే. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో నీరు లోపలి జిల్లాల్లో ఆవిరైనంత త్వరగా ఆవిరి కాదు. అయితే మీ బాత్‌రూమ్‌లో ఉన్నది సముద్రపు గాలేనా? ఏసీ గదికి అటాచ్డ్ బాత్‌రూమ్ అయితే అక్కడికి చేరేది తేమ పిండేసిన గాలి. దానికి తోడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ గంటల తరబడి తిరుగుతుంటే నీటిపైనున్న గాలి ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. మూసి ఉంచిన మామూలు బాత్‌రూమ్‌లో రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు తగ్గుతుందనుకుంటే, ఇలాంటి చోట రెండు లేదా అంతకంటే ఎక్కువే తగ్గవచ్చు. ఇవి చేత్తో కట్టిన అంచనాలు, గదిని బట్టి మారతాయి.

ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల సీల్ మూడు నాలుగు వారాలకు తక్కువ కాకుండా నిలుస్తుంది. చవకరకం ట్రాప్‌లోని 15 మిల్లీమీటర్ల సీల్ వారం పది రోజుల్లో ఖాళీ. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి తలుపు తీయగానే కంపు కొట్టిందంటే తిట్టాల్సింది వాతావరణాన్ని కాదు, ఆ ట్రాప్ లోతుని.

ప్రశ్న: ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే కంపు పోవాలి కదా, మా ఇంట్లో పెరుగుతోంది?

ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది. తలుపు మూసి ఉండి, కింద సందు లేకపోతే ఆ లోటుని పూడ్చే గాలి ఎక్కడి నుంచో రావాలి. ట్రాప్ పొడిగా ఉంటే దానికి అదే దగ్గరి దారి. నిండు సీల్‌ని ఇంటి ఫ్యాన్ దాటలేదు. నాలుగైదు మిల్లీమీటర్లే మిగిలిన సీల్‌లోంచి మాత్రం బుడగలుగా లాగేస్తుంది. కాబట్టి ఫ్యాన్ వేసినప్పుడే కంపు పెరుగుతోందంటే సీల్ దాదాపు అయిపోయినట్టే.

ప్రశ్న: గిన్నె మీద కప్పు బోర్లించినట్టుండే ట్రాప్ మంచిదేనా?

దాన్ని బెల్ ట్రాప్ అంటారు. మధ్యలో చిన్న పైపు నిలబడి ఉంటుంది, దానిమీద కప్పు బోర్లించి ఉంటుంది. కప్పు అంచు చుట్టూ ఉన్న నీటిలో మునిగి ఉంటుంది. ఆ మునిగినంత మేరే సీల్. చవకరకాల్లో అది ఒక అంగుళం కూడా ఉండదు.

అసలు బలహీనత లోతు కాదు. కప్పు తీస్తే సీల్ మొత్తం పోతుంది, మధ్య పైపు నేరుగా మురుగులోకి తెరుచుకుంటుంది. ఇక మన ఇళ్లలో జరిగేది చూడండి. కప్పు కింద జుట్టు ఇరుక్కుంటుంది, నీళ్లు మెల్లగా పోతాయి. పనమ్మాయి కప్పు తీసి పక్కన పెడుతుంది. నీళ్లు జోరుగా పోతున్నాయని అందరూ సంతోషిస్తారు. నెల తర్వాత కంపు అంటూ ఫోన్ చేస్తారు. కప్పు గూట్లో షాంపూ సీసాల వెనక దొరుకుతుంది. అమెరికా ప్లంబింగ్ కోడ్ ఇలాంటి ట్రాప్‌ని వాడకూడదనే చెబుతుంది. నా అభిప్రాయమూ అదే: కొత్త ఇంట్లో దీన్ని పెట్టించుకోవద్దు. ఉన్న ఇంట్లో ఉంటే, కప్పుని నెలకోసారి కడిగి వెంటనే తిరిగి పెట్టండి.

ఒక్క జాగ్రత్త. స్లాబ్ కింద అప్పటికే వంపు పైపు రకం పి ట్రాప్ ఉంటే పైన మళ్లీ బెల్ కప్పు పెట్టకండి. రెండు సీళ్ల మధ్య గాలి చిక్కుకుని నీళ్లు పోవడం మందగిస్తుంది.

ప్రశ్న: నెలరోజులు అమెరికా వెళ్తున్నాం. ఏం చేసి వెళ్లాలి?

ప్రతి జాలీలోనూ ఒక మగ్గు నీళ్లు పోసి సీల్ నింపండి. లీటరు నీళ్లు చాలు, ఎక్కువైతే పొర్లి పైపులోకి పోతుంది. ఆ నీళ్లు కదలకుండా నిలిచాక మెల్లగా రెండు పెద్ద చెంచాల లిక్విడ్ పారాఫిన్ అనే నూనె పోయండి. మెడికల్ షాపులో దొరుకుతుంది. నాలుగు అంగుళాల గిన్నెలో అది నీటిమీద సన్నటి పొరగా పరుచుకుంటుంది. పైపు వైపు ఉన్న నీటిమీద నూనె లేదే అని అనుమానం రావచ్చు. అవతల పైపులో గాలి ఎప్పుడూ తేమతో నిండి ఉంటుంది కాబట్టి అటు ఆవిరయ్యేది చాలా తక్కువ. ఆవిరయ్యేది గది వైపునే, అక్కడ పొర ఉంటే చాలు.

కొబ్బరి నూనె వాడొద్దు. ముక్క వాసన పట్టడం ఒకటైతే, చలికాలంలో తెల్లవారుజామున గడ్డకట్టడం ఇంకొకటి. వేరుశనగ నూనె అత్యవసరానికి పనికొస్తుంది కానీ అదీ కొన్నాళ్లకు కంపు కొడుతుంది. తిరిగొచ్చాక మొదటి బకెట్ నీళ్లతో ఈ పొర కొట్టుకుపోతుంది. మళ్లీ ఊరెళ్తే మళ్లీ పోయాలి.

కమోడ్, వాష్ బేసిన్, వాషింగ్ మెషీన్ దగ్గరి జాలీ, బాల్కనీ జాలీ కూడా మర్చిపోకండి. ఎక్కువమంది వదిలేసేది ఈ చివరి రెండే.

ప్రశ్న: నీళ్లు పోస్తున్నాం, మూడో రోజుకే మళ్లీ కంపు. ఇదీ ఎండడమేనా?

కాదు. మంచి ట్రాప్ మూడు రోజుల్లో ఎండదు. ఇక్కడ నీరు ఇంకో దారిలో పోతోంది. ఆ దారులు మూడు: గిన్నెకో జాయింట్‌కో పగులు ఉండి కారడం, జుట్టో తుడుపుగుడ్డ దారమో వంపు మీదుగా వేలాడి నీటిని బొట్టుబొట్టుగా లాగేయడం, పైఅంతస్తుల నీళ్లు పైపులో పడేటప్పుడు పుట్టే లాగుడుకి సీల్ నీరు కొట్టుకుపోవడం. మూడిటికీ పరిష్కారాలు వేరు. కాబట్టి ముందు కొలవాలి.

మధురవాడ వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఇలా చేశాం. అతిథుల బాత్‌రూమ్, నెలకోసారి కూడా వాడరు. వాడకం లేక ఎండిపోతోందని ఇంటివాళ్లు నమ్మారు, రెండు రోజులకోసారి నీళ్లు పోస్తున్నారు. ట్రాప్ చూస్తే మంచి లోతుదే, 50 మిల్లీమీటర్ల సీల్.

రాత్రి పదింటికి నిండా నీళ్లు పోసి, జాలీ ఫ్రేమ్ అంచు నుంచి నీటిమట్టం దాకా స్కేలుతో కొలిచాం: 110 మిల్లీమీటర్లు. ఎవరూ ఆ జాలీలో చుక్క నీరు పోయకూడదని చెప్పాం. పొద్దున ఐదున్నరకి, ఇంకా ఎవరూ లేవకముందు, మళ్లీ కొలిస్తే 111. అంటే రాత్రంతా దాదాపు కదల్లేదు. పగులు ఉంటే గాని, దారం లాగుతుంటే గాని రాత్రి కూడా మట్టం తగ్గుతూనే ఉండేది. ఆ రెండూ కొట్టేశాం. ఎనిమిదింటికి, పైనా కిందా స్నానాలు, ఫ్లష్‌లు అయ్యాక కొలిస్తే 135. సీల్‌లో సగం రెండున్నర గంటల్లో పోయింది. మధ్యలో ఒకసారి గుడగుడమని శబ్దం కూడా వచ్చిందని ఇంటివాళ్లే చెప్పారు.

ఇక వెతకాల్సింది బాత్‌రూమ్‌లో కాదు, టెర్రస్ మీద. పెద్ద పైపులో నీళ్లు దిగేటప్పుడు వెనకాల గాలి కూడా దిగాలి. ఆ గాలి కోసమే పైపుని టెర్రస్ పైదాకా లేపి వెంట్‌గా తెరిచి ఉంచుతారు. అది మూసుకుపోతే నీళ్లు తమ వెనకాల ఖాళీని సృష్టించుకుంటూ దిగుతాయి, దగ్గర్లోని ట్రాప్‌ల నీటిని లాగేస్తాయి. టెర్రస్ మీద చూస్తే అదే జరిగింది. వాటర్‌ప్రూఫింగ్ చేసినప్పుడు వెంట్ పైపుని పొట్టిగా కోసి, వాన నీళ్లు పోకుండా ఎండ్ క్యాప్ బిగించారు. చేసినవాళ్లకి అది పనికిరాని పైపుముక్కలా కనిపించి ఉంటుంది.

క్యాప్ తీసి, పైపుని మనిషి తలకంటే ఎత్తు లేపి, పైన గాలి పోయే కౌల్ అనే మూత బిగించాం. మర్నాడు అదే వేళకి కొలిస్తే రెండు మిల్లీమీటర్ల తేడా. వారం తర్వాత పది. ఇది మామూలు ఆవిరి లెక్కలోకి వస్తుంది. బాత్‌రూమ్‌లో ఒక్క టైలూ పగలగొట్టలేదు.

మీరూ ఈ కొలత తీసుకోవచ్చు. రాత్రి తగ్గితే పగులు లేదా దారం. రద్దీ వేళలో ఒక్కసారిగా తగ్గితే వెంట్. పగలూ రాత్రీ తేడా లేకుండా రోజుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే తగ్గితే అది ఎండడం. రాత్రి తగ్గిందంటే ముందు టార్చ్ వేసి వంపు దగ్గర జుట్టు చూడండి. తీసేసి మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గుతుంటే పగులు. కింది ఫ్లాట్ సీలింగ్‌లో చెమ్మ ఉందేమో అడగండి.

ప్రశ్న: మాది గ్రౌండ్ ఫ్లోర్. కంపుతో పాటు నీళ్లు పైకి ఎగిసిపడతాయి.

మీది లాగుడు కాదు, తోపుడు. పైనుంచి దూసుకొచ్చే నీరు పైపు అడుగున మలుపు దగ్గర గాలిని నొక్కుతుంది, అది మీ సీల్ గుండా బుడగలుగా బయటపడుతుంది. వానాకాలంలో ఛాంబర్ నిండిపోయినప్పుడు ఇది పెరుగుతుంది. ముందు బయటి ఛాంబర్ తీయించి పూడిక, అడ్డంకి ఉన్నాయేమో చూపించండి. గ్రౌండ్ ఫ్లోర్ బాత్‌రూమ్ పైపుని పెద్ద పైపులో కలపకుండా విడిగా ఛాంబర్‌కి తీసుకెళ్లడమే శాశ్వత పరిష్కారం.

ఛాంబర్‌లోకి గాని, సెప్టిక్ ట్యాంక్‌లోకి గాని ఎవర్నీ దించవద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు ఆ వాసనని గుర్తించడం మానేస్తుంది. కంపు లేదు కదా అని దిగినవాళ్లు తిరిగి రాలేదు.

ప్రశ్న: యాసిడ్, ఫినాయిల్, కలరా ఉండలు వేస్తే?

వాసనకి ఇంకో వాసన కలుస్తుంది, అంతే. సీల్ నిండదు. యాసిడ్ మీద బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎప్పుడూ వేయకండి, క్లోరిన్ గాలి వస్తుంది. మూసి ఉన్న బాత్‌రూమ్‌లో అది ప్రమాదం. మరుగుతున్న నీళ్లు కూడా పోయొద్దు, పీవీసీ పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో అమ్మే సిలికాన్ రెక్కల మూత పనికొస్తుందా?

నీళ్లు పడినప్పుడు తెరుచుకుని, ఆగగానే మూసుకునే రకం. బొద్దింకల్ని బాగానే ఆపుతుంది. బెల్ కప్పు పోయిన ఇంట్లో తాత్కాలికంగా కంపునీ ఆపుతుంది. కానీ ఒక్క వెంట్రుక రెక్కల మధ్య ఇరుక్కుంటే సందు మిగిలిపోతుంది. షవర్ జోరుగా ఉంటే నీళ్లు నిలుస్తాయి కూడా. నీటి సీల్‌కి తోడుగా వాడండి, దాని బదులుగా కాదు. కొనేముందు ట్రాప్ గొంతు వ్యాసం లోపలి నుంచి కొలుచుకోండి.

ప్రశ్న: ట్రాప్ లోతు తక్కువని తేలింది. టైల్స్ పగలగొట్టాల్సిందేనా?

ట్రాప్ మార్చాలంటే చాలావరకు తప్పదు. మన అపార్ట్‌మెంట్లలో బాత్‌రూమ్ స్లాబ్‌ని దాదాపు అడుగు లోతు దించి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ వేస్తారు. ట్రాప్ ఆ నింపుడులో ఉంటుంది. పగలగొడితే వాటర్‌ప్రూఫింగ్ తెగుతుంది. మళ్లీ చేయించి, ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడకుండా టైల్ వేయనివ్వకండి. పాత బిల్డింగుల్లో మీ ట్రాప్ కింది ఫ్లాట్ సీలింగ్ కింద వేలాడుతుంటే కింద నుంచే మార్చవచ్చు, కింది వాళ్లు ఒప్పుకుంటే.

అంత ఖర్చు పెట్టే ముందు ఇంకో దారి ఉంది. ట్రాప్‌లోకి దానంతటదే నీరు పడేలా చేయండి. గోడ అవతల గదిలో ఏసీ ఉంటే దాని డ్రెయిన్ పైపుని బాత్‌రూమ్ జాలీ మీదికి తీసుకురండి. మన ఊళ్లో తేమ ఎక్కువ కాబట్టి ఏసీ నుంచి నీళ్లు ధారాళంగా వస్తాయి. వేసవంతా ట్రాప్ నిండుగా ఉంటుంది. పైపు కొసని ట్రాప్ నీటిలో ముంచకుండా జాలీకి పైనే ఆపండి, లేకపోతే ఏసీ పైపులోకి మురుగు వాసన ఎక్కవచ్చు. ఏసీ వేయని నెలల్లో మాత్రం వారానికో మగ్గు మీరే పోయాలి.

ప్రశ్న: కొత్త ఫ్లాట్ బుక్ చేశాం. బిల్డర్‌ని ఏం అడగాలి?

టైల్స్ పడకముందే సైట్‌కి వెళ్లండి. ఆ తర్వాత కనిపించేది జాలీయే. ట్రాప్ సీల్ 50 మిల్లీమీటర్లు ఉందా, వాష్ బేసిన్ పైపు ఆ ట్రాప్‌లోనే కలుస్తోందా అని అడగండి. పక్కన రంధ్రాలున్న మల్టీ ఫ్లోర్ ట్రాప్ వాడితే బేసిన్‌లో చేయి కడిగిన ప్రతిసారీ సీల్ నిండుతుంది, అలాంటి ట్రాప్ వాడుకలో ఉన్నంతకాలం ఎండదు. అతిథుల బాత్‌రూమ్‌కి ఇది మరీ అవసరం. బీచ్ వైపు ఇళ్లలో జాలీ స్టీల్ రకం కూడా చూసుకోండి, చవక క్రోమ్ పూత ఉప్పుగాలికి ఊడి స్క్రూలు పట్టేస్తాయి, అప్పుడు జాలీ ఎత్తి కడగడమే కుదరదు.

మాటల మీద వదలకండి. ట్రాప్‌లో నీళ్లు నింపి, ఒక కర్ర స్కేలు దింపి, అడుగు అంచు పైన ఎంత నీరు నిలిచిందో మీరే చూడండి. తర్వాత టెర్రస్ ఎక్కి వెంట్ పైపులు ఎన్నున్నాయో, అన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూసి ఫొటో తీసుకోండి. అసోసియేషన్ చేతికి బిల్డింగ్ వచ్చాక ఎప్పుడైనా టెర్రస్ మీద పని జరిగితే ఆ ఫొటోతో పోల్చి చూడవచ్చు.